ఐస్‌క్రీం పుల్లల వంతెనలో నాలుగు అతుకులు

ఐస్‌క్రీం తినేశాక చేతిలో మిగిలిన పుల్లను ఏం చేయాలన్న విషయంలో మానవజాతి చాలాకాలంగా చీలి ఉంది. అక్కడే పారేసేవాళ్లు అధిక సంఖ్యాకులు. కొనను కొరుకుతూ ఇంటిదాకా వచ్చేవాళ్లు అల్పసంఖ్యాకులు. ఈ రెండు పక్షాలకూ చెందకుండా, పుల్లను కడిగి, నీడలో ఆరబెట్టి, బిస్కెట్ల రేకు డబ్బాలో దాచే మూడో పక్షం ఒకటుంది. మనకు తెలిసినంతలో ఆ పక్షంలో సభ్యుడు ఒక్కడే. ఆయన్ని ఊళ్లో అందరూ సున్నాల పెయింటరు అంటారు.

దాచడానికి ఆయన దగ్గర కారణం లేకపోలేదు. వృత్తి బోర్డులు రాయడం. ఎనామిల్ రంగు కలపడానికి పుల్ల కావాలి. అయితే రంగు కలపడానికి పట్టే పుల్లల కంటే ఐస్‌క్రీం తినడం వల్ల వచ్చే పుల్లలు ఎప్పుడూ ఎక్కువే కాబట్టి, పెళ్లినాటికి ఒక డబ్బాగా ఉన్న నిధి కూతురు కాలేజీకి వెళ్లేనాటికి మూడు డబ్బాలయింది. ఇల్లు మారినప్పుడల్లా ఆ డబ్బాలు గాజుసామానుతో సమానంగా, చేతుల్లోనే ప్రయాణం చేశాయి.

"ఆయనకి మోకాళ్ల నొప్పులొస్తే నేను జవాబుదారీని కాదు గానీ, ఆ పుల్లలకి చెద పడితే మాత్రం నన్నే అడుగుతారు," అనేది భార్య. ఆవిడ బడి ఆఫీసులో గుమస్తా. రోజంతా పిల్లల పేర్లు వరస తప్పకుండా చూసే మనిషి కాబట్టి, ఇంట్లో వరస తప్పిన ఏ వస్తువునూ క్షమించదు.

సున్నాల పెయింటరు అన్న బిరుదు ఊరికే రాలేదు. బోర్డు మీద ఫోన్ నంబరు రాసేటప్పుడు మిగతా పెయింటర్లు సున్నాకి గిన్నె మూతో, టేపు చుట్టో ఆనవాలు పెట్టుకుంటారు. ఈయన బ్రష్షు ఆనించి ఊపిరి బిగబట్టి ఒకే తిప్పులో చుట్టేసేవాడు. మొదలుపెట్టిన చోటూ ముగించిన చోటూ కలిసిన జాడ భూతద్దం పెట్టినా దొరికేది కాదు. నంబరులో సున్నాలు ఎక్కువుంటే ఆయన్నే పిలిచేవారు.

అలాంటి ఒక నంబరు రాస్తుండగానే, నిచ్చెన మీద, మూడో సున్నా కిందికి జారింది. ఆయన దాన్ని కాసేపు చూశాడు. తర్వాత ఎడమ చేత్తో నిచ్చెన పట్టుకుని దిగి, రంగు ఎండిపోకుండా డబ్బాకి మూత బిగించి, అప్పుడు నేలమీద కూర్చున్నాడు. ఆ తర్వాతి సంగతులు ఆస్పత్రివి. మాట తిరిగొచ్చింది, కాలు తిరిగొచ్చింది. కుడిచెయ్యి మాత్రం వస్తానని కబురు పెట్టి రాని చుట్టంలా ఉండిపోయింది.

అప్పట్నుంచీ రోజూ పొద్దున పాత రేకు బోర్డు ఒకటి ముందు పెట్టుకుని, కుడిచేత్తో ఒక సున్నా చుట్టడం ఆయన నియమం. అది కోడిగుడ్డులా వచ్చేది. తుడిచేసి కాఫీ తాగేవాడు. భార్య ఆ వేళకి వంటగదిలో ఏదో ఒక పని కల్పించుకునేది. ఆ సున్నా గురించి ఇంట్లో ఎవరూ మాట్లాడేవారు కాదు. ఆ ఇంట్లో అన్ని విషయాల మీదా హాస్యం ఆడవచ్చు, ఆ ఒక్కటి తప్ప.

ఇలా ఉండగా సివిల్ ఇంజినీరింగ్ మూడో ఏడు చదువుతున్న కూతురికి కాలేజీలో ఒక పని ఇచ్చారు. ఐస్‌క్రీం పుల్లలతో మూడు ట్రస్ వంతెనలు, అంటే పుల్లల్ని త్రికోణాలుగా అల్లిన వంతెనలు, కట్టాలి. మూడింటి పొడవూ ఎత్తూ ఒకటే, పుల్ల ఒకటే, జిగురు ఒకటే. లోపలి పుల్లల అమరిక మాత్రం మూడింటికీ వేరు. ఒక్కొక్కదానికి మధ్యలో బకెట్ వేలాడదీసి ఇసుక పోస్తూ, ఏది ఎంత మోస్తుందో, ఎక్కడ విరుగుతుందో చూడాలి.

ఆ మాట వినగానే సున్నాల పెయింటరు భోజనం మధ్యలో లేచి, అలమర పైనుంచి మూడు డబ్బాలూ దింపించాడు. కొన్ని దశాబ్దాల తన దూరదృష్టికి ఫలితం దక్కే ఘడియ వచ్చిందని ఆయన ముఖంలోనే తెలుస్తోంది.

కూతురు డబ్బా మూత తీసి, ఒక గుప్పెడు పుల్లలు బల్లమీద పరిచి, ఒక్కొక్కటే తిప్పి చూసింది.

"ఏం, చాలవా?" అన్నాడు.

"చాలడం కాదు నాన్నా. ఇవి తలా ఒక మందం ఉన్నాయి. ఇది చూడు, వంకర. దీనికి రంగు పట్టింది, జిగురు అంటదు. దీన్నెవరో కొరికారు."

"అది మీ అమ్మ."

"నేనెందుకు కొరుకుతాను? నాకు ఐస్‌క్రీం పడదని మీకు తెలీదా?" అంది భార్య వంటగదిలోంచి.

"మూడు వంతెనల్నీ పోల్చాలంటే పుల్లలన్నీ ఒకేలా ఉండాలి," అంది కూతురు, డాక్టరు చెప్పినంత మెల్లగా. "లేకపోతే అమరిక గొప్పదో పుల్ల గొప్పదో తెలీదు. కొత్త ప్యాకెట్లు కొనుక్కొస్తాను."

మూడు డబ్బాలూ మళ్లీ అలమర పైకి వెళ్లిపోయాయి. సున్నాల పెయింటరు మజ్జిగ అన్నం కలుపుకుంటూ, చదువు మనిషిని ఎంత నిర్దయగా మారుస్తుందో ఆలోచించాడు.

అయితే ఆ వారమే ఫిజియోథెరపీ అమ్మాయి ఆయనకి కొత్త వ్యాయామం చెప్పింది. బట్టల క్లిప్పును బొటనవేలూ చూపుడువేలూ మధ్య నొక్కి తెరవాలి, ఒకచోట పెట్టాలి, మళ్లీ తియ్యాలి. ఈయన రెండురోజులు దండేనికి క్లిప్పులు పెట్టి తీశాడు. మూడోరోజు మానేశాడు.

"బట్టలు లేని దండేనికి క్లిప్పులు పెడుతుంటే పక్కింటివాళ్లు నావైపు జాలిగా చూస్తున్నారు," అన్నాడు.

కూతురు అంది, "నాన్నా, నాకు క్లిప్పులు పెట్టే మనిషి కావాలి. నేను పుల్లలు కోసి జిగురు రాస్తాను. అతుకు మీద పుల్లలు కదలకుండా నొక్కిపట్టి, గట్టిగా క్లిప్పు బిగించాలి. ఆరేదాకా ఉంచాలి. రెండు వంతెనలు నేను చేసుకుంటాను. ఒకటి నీది."

"కాలేజీవాళ్లు ఒప్పుకుంటారా?"

"మేడమ్‌ని అడిగాను. క్లిప్పులు ఎవరు పెట్టినా ఫర్వాలేదంది. లెక్కలు మాత్రం నేనే చెయ్యాలట."

"మంచిదే. లెక్కలు నాకు మొదట్నుంచీ సున్నాతోనే ఆగిపోయాయి," అన్నాడు.

ముందుగది బల్ల కార్ఖానా అయింది. కూతురు అసలు కొలతలో గీసిన బొమ్మల కాగితాలు బల్లకి టేపుతో అంటించి, జిగురు కాగితానికి పట్టకుండా వాటి మీద ప్లాస్టిక్ పరిచింది. ఒక్కొక్క వంతెనకి రెండు పక్కలు, ఒక్కో పక్కలో ఆరు గళ్లు. పైవరసకీ కిందివరసకీ రెండేసి పుల్లలు కలిపి అంటించాలి. మధ్యలో నిలువుగా వచ్చేవాటికీ ఏటవాలుగా వచ్చేవాటికీ ఒక్కొక్క పుల్లే. తర్వాత రెండు పక్కల్నీ నిలబెట్టి, పైనా కిందా అడ్డపుల్లలతో కలపాలి.

"ఇది వారెన్ అనే అమరిక," అంది మొదటి బొమ్మ చూపించి. "నిలువులు ఉండవు. ఏటవాలు పుల్లలు పైకీ కిందికీ, రంపం పళ్లలాగా. ఇది ప్రాట్. దీంట్లో నిలువులున్నాయి. ఏటవాలు పుల్లలు మధ్యవైపు కిందికి దిగుతాయి. బరువు పడితే ఏటవాళ్లను లాగుతుంది, నిలువుల్ని నొక్కుతుంది. ఇది హౌ. ఏటవాళ్లు ఎదురు దిక్కుకి తిరిగి ఉంటాయి, మధ్యవైపు పైకి ఎక్కుతాయి. అందుకని అన్నీ తారుమారు. ఏటవాళ్లను నొక్కుతుంది, నిలువుల్ని లాగుతుంది."

"ఏది గెలుస్తుంది?"

"పుల్లని లాగితే తేలిగ్గా తెగదు నాన్నా. నొక్కితేనే పక్కకి వంగిపోతుంది. పొడుగు పుల్ల ఇంకా తొందరగా వంగుతుంది. ప్రాట్‌లో నొక్కుడు పడేది పొట్టి నిలువుల మీద. హౌలో పొడుగు ఏటవాళ్ల మీద. అందుకని హౌ అన్నిటికన్నా తక్కువ మొయ్యాలి."

"నాది ఏది?"

కూతురు తల వంచుకుని పుల్లలు సర్దింది. "హౌ."

"ఓడిపోయేది చూసి నాకిచ్చావన్నమాట."

"ఓడిపోవడం కాదు, ఎలా ఓడిపోతుందన్నది ముఖ్యం. ఏటవాలు పుల్ల వంగి పడిపోతే లెక్క సరైనదని అర్థం. అతుకు ఊడి పడిపోతే..." అని ఆగింది.

"చెప్పు."

"పని సరిగ్గా జరగలేదని అర్థం."

సున్నాల పెయింటరు కుడిచేతిని బల్లమీద పెట్టి చూసుకున్నాడు. ఫిజియోథెరపీ అమ్మాయి 'బాగా మెరుగైంది' అంటుంది. భార్య 'నిన్నటికంటే నయం' అంటుంది. ఇద్దరూ మంచివాళ్లు కాబట్టి ఇద్దరి మాటా ఆయన నమ్మలేదు. బకెట్‌కి మాత్రం ఎవరి మీదా జాలి ఉండదు. ఆ చెయ్యి ఏదైనా పనికి నిలుస్తుందో లేదో అది చెబుతుంది. ఇంత కాలానికి తనకి నిజం చెప్పగల ఒక వస్తువు దొరికిందని ఆయనకు తోచింది. కొంచెం భయం వేసింది.

మొదటి క్లిప్పు పట్టేసరికి కాఫీ చల్లారింది. వేళ్లు నొక్కుతాయి, క్లిప్పు సగం తెరుచుకుంటుంది, జారి ఎగిరి మంచం కిందికి పోతుంది. కూతురు వంగి తెచ్చేది. రెండోసారీ తెచ్చింది. మూడోసారి ఆయనే వంగి తెచ్చుకున్నాడు. నాలుగోసారి క్లిప్పు అతుకు మీద కూర్చుంది. ఎడమచెయ్యి సాయం రావడానికి బయల్దేరితే దాన్ని తొడకింద పెట్టుకుని దాని మీద కూర్చున్నాడు.

"రెండు చేతులూ వాడొచ్చు నాన్నా, పరీక్ష కాదు," అంది కూతురు.

"నీకు కాదు," అన్నాడు.

క్లిప్పు బిగించగానే అంచుల్లోంచి జిగురు తెల్లగా పూసలు కట్టి పైకి వచ్చేది. ఆయన దాన్ని ప్రతిసారీ బొటనవేలితో నున్నగా తుడిచేవాడు. అక్షరం చుట్టూ పొంగిన రంగును తుడిచే పాత అలవాటు. వంతెనకి దానివల్ల లాభమూ లేదు, నష్టమూ లేదు. కానీ ఆయన చేతి నుంచి వచ్చే పనికి అంచు శుభ్రంగా ఉండాలి. అది ఆయన సంతకం లాంటిది.

"అంచులు చూస్తే వంతెన అమ్ముకునేట్టున్నారు," అంది భార్య ఒకసారి వచ్చి చూసి.

"బకెట్‌కి అంచు కనబడదే. ఆ బాధ నాది," అన్నాడు.

పుల్ల మీద పుల్ల పెరిగి వంతెన రూపం వచ్చింది. మిగతా రెండూ కూతురివి, చకచకా అయిపోయాయి. హౌ మాత్రం దాని మనిషి వేగంతోనే నడిచింది. చివరి అతుకు బిగించిన రోజు సున్నాల పెయింటరు రాత్రి భోజనంలో రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు. ఆయనకి అంతకుమించి సంబరం చేసుకోవడం రాదు.

మర్నాడు ఫిజియోథెరపీకి వెళ్లి తిరిగి వచ్చేసరికి కూతురు కాలేజీకి వెళ్లిపోయింది. వంతెనలు మూడూ బల్లమీద వరసగా ఉన్నాయి. ఆయన తన వంతెనను చూసుకోవడానికి వంగాడు. ఆ భంగిమలోనే చాలాసేపు ఉండిపోయాడు.

సరిగ్గా మధ్యలో, రెండు పక్కలా ఉన్న నడిమి నిలువు పుల్లలకి పైనా కిందా, మొత్తం నాలుగు అతుకుల దగ్గర, జిగురు పూసలు పూసలుగా ఉంది. తుడవలేదు. వేలితో తాకితే ఇంకా కొంచెం మెత్తగా ఉంది. వంటగదిలోకి వెళ్లి చూస్తే స్టవ్ పక్కన, కొన నల్లబడిన బ్లేడు ఒకటి కనబడింది.

అర్థం కాకపోవడానికి ఏమీ లేదు. హౌలో బకెట్ వేలాడేది ఆ రెండు నిలువుల మీదే. కూతురే చెప్పింది, ఆ రెండూ బకెట్ బరువును చెరిసగం మోస్తాయని. ప్రాట్‌లో అదే చోట ఉన్న పుల్ల ఏ బరువూ లేకుండా ఊరికే నిలబడుతుందని చెబితే, "అయితే పైఅధికారి అన్నమాట," అని ఈయన నవ్వాడు కూడా. హౌ మొత్తానికి ప్రాణం లాంటి అతుకులు ఆ నాలుగు. ఆ నాలుగింటినే కూతురు వేడి బ్లేడు దూర్చి విడదీసి, మళ్లీ అంటించింది.

భార్య బడినుంచి వచ్చేసరికి ఆయన ఇంకా బల్ల దగ్గరే ఉన్నాడు.

"ఏమైందండీ?"

"ఏం లేదు. జిగురు ఆరిందో లేదో చూస్తున్నా."

ఆవిడ ఆయన్నీ, వంతెననీ మార్చి మార్చి చూసింది. "అది మీకోసమే చేసి ఉంటుంది," అంది చివరికి. అంటే ఆవిడకి తెలుసన్నమాట. పొద్దున తను బయల్దేరేటప్పుడు ఆవిడ వంటగదిలోంచి బయటికి రానిది అందుకేనన్నమాట.

"అవును. నాకోసమే," అన్నాడు. మర్నాడు పొద్దున సున్నా చుట్టలేదు.

పరీక్ష రోజున మూడు వంతెనలున్న అట్టపెట్టె పట్టుకోవడానికి ఒక ఒడి అవసరమైంది. కూతురు చేతిలో బకెట్, కొక్కెం, కాగితాలు ఉన్నాయి. అందుకని సున్నాల పెయింటరు బస్సులో కిటికీ పక్కన పెట్టె ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. దారంతా ఇద్దరూ వాతావరణం గురించి మాట్లాడుకున్నారు. ఎండగా ఉందన్న విషయంలో వారికి పూర్తి ఏకాభిప్రాయం కుదిరింది.

కాలేజీ ల్యాబ్ పొడవాటి గది. ఒకవైపు ఇనుపకడ్డీలను సాగదీసే పెద్ద యంత్రం ఉంది. దాని ముందు ఐస్‌క్రీం పుల్లలు చూసి ఎవరికైనా కొంచెం సిగ్గేస్తుంది. పాఠం చెప్పే మేడమ్ పొట్టిగా, నెరిసిన జుట్టుతో, అద్దాలు నెత్తిమీదికి తోసుకుని ఉంది. ఆవిడ మూడు వంతెనల్నీ ఒక్కొక్కటే త్రాసు మీద పెట్టింది. బరువులు దాదాపు ఒక్కటే.

"ఎంత మోసిందన్నదానికి నేను మార్కులివ్వను," అంది మేడమ్ కూతురితో. "ఎక్కడ విరిగింది, ఎందుకు విరిగింది. అది చెప్పు, చాలు. మీరు కూర్చోండి నాన్నగారూ." సున్నాల పెయింటరు కూర్చోలేదు.

రెండు బల్లల మధ్య ఖాళీ మీద వంతెన పెట్టారు. సరిగ్గా మధ్యలో, కిందివరస మీద రెండు పక్కలకీ ఆనేలా ఒక చెక్కముక్క. దానికి కొక్కెం. కొక్కేనికి బకెట్. అది ఆయన పాత రంగుల బకెట్టే. కింద ఇసుకమూట పరిచారు, పడ్డప్పుడు నేల పగలకుండా. కూతురు మగ్గుతో ఇసుక మెల్లగా, బకెట్ ఊగకుండా పోసింది.

వారెన్ మొదట. చాలాసేపు ఏమీ కాలేదు. తర్వాత సన్నగా టిక్కు టిక్కుమన్నది. పైవరస మొత్తం ఒక పక్కకి మెలితిరిగి బకెట్ కింద పడింది. బకెట్‌నీ ఇసుకనీ తూచారు. ఇరవై ఆరు కిలోలు.

ప్రాట్ ఇరవై తొమ్మిది మోసింది. కిందివరసలో ఒక పుల్ల, చెక్క పీచు వంకరగా ఉన్నచోట, లాగుడికి చీలిపోయింది. కూతురు ఆ ముక్క పట్టుకుని ఏ పుల్ల మీద లాగుడు ఎంతో చెబుతుంటే మేడమ్ తలూపింది.

తర్వాత హౌ. కూతురి చేతిలో మగ్గులోంచి ఇసుక బకెట్ బయట ఒలకడం ఆయన గమనించాడు. తన చెయ్యి మాత్రం, విచిత్రం, స్థిరంగా ఉంది.

ఇసుక బకెట్‌లో సగానికి రాలేదు. ముందుగా ఏ చప్పుడూ లేదు, ఏ పుల్లా వంగలేదు. టప్పుమని ఒకే ఒక్క శబ్దం. నడిమి నిలువు కింది అతుకు ఊడిపోయి, వంతెన మధ్యలోంచి ముడుచుకుపోయింది. పదమూడు కిలోలు.

కూతురు తండ్రివైపు చూడలేదు. తండ్రి బకెట్‌వైపు చూస్తున్నాడు.

"చెప్పు," అంది మేడమ్.

"హౌలో... ఏటవాలు పుల్లల మీద నొక్కుడు పడుతుంది మేడమ్. పొడుగు పుల్లలు కాబట్టి..."

"వంగినవి ఏవో చూపించు."

చూపించడానికి ఒక్కటీ లేదు. ఏటవాళ్లన్నీ తిన్నగా, కొత్తగా ఉన్నాయి. మేడమ్ నెత్తిమీది అద్దాలు కళ్లమీదికి దించి, ఊడిన అతుకు కిటికీ దగ్గరికి తీసుకెళ్లింది.

"అతుకు పోయింది. అన్ని అతుకులూ ఒకేలా చేశావా?"

ఇక్కడ అబద్ధం చాలా తేలిక. 'చేశాను' అంటే చాలు. పదమూడు కిలోలు ఒక కుడిచేతి ఖాతాలోకి పోతాయి, ఆ చెయ్యి ఎలాగూ ఎవరికీ ఎదురు చెప్పదు. సున్నాల పెయింటరు కూడా ఆ మాట కోసమే ఎదురుచూశాడు. బస్సులోనే ఆయన దానికి సిద్ధపడ్డాడు.

"లేదు మేడమ్," అంది కూతురు. "దీని అతుకులు నాన్న బిగించారు. మధ్యలో నాలుగు మాత్రం నేను విడదీసి మళ్లీ అంటించాను."

"ఎందుకు?"

"నాన్న చేతికి... అంత బలం లేదేమో అనుకున్నాను."

మేడమ్ ఆయనవైపు చూసింది. ఆయన కుడిచెయ్యి వీపు వెనక్కి పెట్టుకున్నాడు. మేడమ్ పడిపోయిన వంతెనలో చివరనున్న ఓ అతుకును రెండుచేతులా పట్టుకుని, బలం కొద్దీ తిప్పి విరిచింది. దాన్నీ ఊడిన అతుకునీ పక్కపక్కన పెట్టింది.

"ఇటు రా. ఇది నువ్వు రెండోసారి అంటించింది. రెండు వైపులా నున్నగా, అద్దంలా ఉంది. పాత జిగురు పొర మీద కొత్త జిగురు పూశావు. జిగురు చెక్కలోకి ఇంకితేనే పట్టు. ఆరిన జిగురు మీద పూస్తే పైపైన ఉంటుంది, ఊడిపోతుంది. ఇది మీ నాన్నగారిది." ఆ ముక్కమీద చెక్క పీచు లేచి, జుట్టులా నిలబడి ఉంది. "జిగురు వదల్లేదు. చెక్కే చీలింది. దీనికి బలం లేదని ఎవరన్నారు?"

ఎవరూ అనలేదు. అంటే, ఇప్పుడు ఎవరూ అనదలుచుకోలేదు.

"ఈ హౌ ఫలితం నేను తీసుకోను," అంది మేడమ్. "ఒక చేత్తో చేసిన అతుకులూ, ఇంకో చేత్తో మార్చినవీ కలిస్తే అది పోలిక కాదు. మళ్లీ కట్టు. వచ్చేవారం పరీక్ష. ఈసారి ఎవరు మొదలుపెడితే వాళ్లే పూర్తిచెయ్యాలి."

తిరుగు బస్సులో పెట్టె తేలిగ్గా ఉంది. చాలాసేపటికి కూతురు అంది, "నీకు ముందే తెలుసు కదా నాన్నా."

"పూసలు తుడవలేదు నువ్వు."

"మరి అడగలేదేం?"

"అడిగితే నువ్వు నన్ను నమ్మలేదని తేలుతుంది. అడక్కపోతే నా చెయ్యి పనికిరాదని తేలుతుంది. రెండిట్లో నాకు రెండోదే తేలిగ్గా అనిపించింది."

కూతురు కిటికీలోంచి బయటికి చూస్తూ ఏడ్చింది. ఆయన కుడిచెయ్యి తీసి ఆమె మోచేతి మీద పెట్టాడు. పెట్టడం సరిగ్గానే వచ్చింది. తీయడానికే కొంచెం సమయం పట్టింది.

రెండో హౌ కట్టేటప్పుడు ముందుగదిలో మాటలు తక్కువ. కూతురు పుల్లలు కోసి, జిగురు రాసి, పెట్టి, చేతులు వెనక్కి తీసుకునేది. క్లిప్పు జారితే వంగి తెచ్చేది కాదు. ఆయనే వంగేవాడు. భార్య అటుగా వెళుతూ, "నేనేమైనా పట్టుకోవాలా?" అని అడిగింది.

"నోరు పట్టుకో," అన్నాడు. ఇంట్లో అందరికీ నవ్వొచ్చింది. చాలా రోజులకి.

నడిమి నిలువుల దగ్గర ఆయన ఎక్కువసేపు ఆగాడు. క్లిప్పు పెట్టాక వేళ్లు తీయకుండా, జిగురు పూసలు కట్టి పైకొచ్చేదాకా నొక్కిపట్టాడు. నుదుటిమీద చెమట పట్టింది. తర్వాత బొటనవేలితో తుడిచాడు. నాలుగూ అలాగే. తర్వాత ఎవరూ వాటిని ముట్టుకోలేదు. భార్య ఆ గది ఊడవడం కూడా మానుకుంది.

ల్యాబ్‌లో ఈసారి ఆయన కూర్చున్నాడు. కూతురు ఇసుక పోసింది. పదమూడు కిలోల గుర్తు బకెట్ లోపల సుద్దముక్కతో గీసి ఉంది. ఇసుక ఆ గీతను తాకింది, కప్పేసింది, ఇంకా పైకి పోయింది. ఆయన ఊపిరి బిగబట్టాడు, బ్రష్షు ఆనించినప్పుడు బిగబట్టినట్టే.

"వంగుతోంది," అంది మేడమ్ మెల్లగా.

మధ్యకి పక్కనున్న ఏటవాలు పుల్ల ఒకటి విల్లులా పక్కకి ఉబ్బింది. మరో మగ్గు. ఇంకొంచెం ఉబ్బింది. మరో అరమగ్గు. పుల్ల నడుం దగ్గర పెళుక్కున విరిగింది, బకెట్ ఇసుకమూట మీద కూర్చుంది. ఇరవై రెండు కిలోలు. మేడమ్ నడిమి నిలువుల్ని పట్టుకుని లాగి చూసింది. నాలుగు అతుకులూ కదల్లేదు.

"ఇప్పుడు చెప్పు," అంది.

"నొక్కుడు పడ్డ పొడుగు పుల్ల వంగి పోయింది మేడమ్. అతుకులు నిలబడ్డాయి. లెక్క ప్రకారమే మూడింట్లో హౌ తక్కువ మోసింది."

"అంతే," అని మేడమ్ రాసుకుంది. సున్నాల పెయింటరువైపు తిరిగి, "ఓడిపోయారండీ మీరు. చాలా పద్ధతిగా ఓడిపోయారు," అంది.

"చిత్తం," అన్నాడాయన, లేచి నిలబడి. జీవితంలో అంత గౌరవంగా ఆయన ఎక్కడా ఓడిపోలేదు.

కాలేజీ గేటు బయట కూతురు రెండు ఐస్‌క్రీంలు కొన్నది. ఆయన కుడిచేత్తో పట్టుకుని, కారుతుంటే నాలుకతో అందుకుంటూ, చివరిదాకా తిన్నాడు. పుల్లను కొళాయి కింద కడిగి జేబులో పెట్టుకున్నాడు. ఇంటికెళ్లాక డబ్బాలో వేశాడు.

మర్నాడు పొద్దున పాత రేకు బోర్డు మళ్లీ బయటికొచ్చింది. భార్య ఈసారి వంటగదిలోకి వెళ్లలేదు. కూతురు గుమ్మంలో నిలబడింది. ఆయన రంగు కలిపి, బ్రష్షు కుడిచేతిలోకి తీసుకుని, బోర్డుకి ఆనించి, ఊపిరి బిగబట్టి, ఒకే తిప్పులో చుట్టాడు.

కోడిగుడ్డులా వచ్చింది.